కళ్లద్దాల షాపులో టార్చి కాదు, స్కేలు చూపించమనండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. రెండు కళ్లకీ మైనస్ 4 పవర్. మొన్న వేసవిలో అద్దాలు మార్చాల్సి వచ్చి విజయనగరంలోనే ఒక షాపుకి తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు పెన్నులాంటి టార్చి ఒకటి, చిన్న కార్డు ఒకటి బయటకి తీశాడు. మామూలు లెన్స్‌లోంచి టార్చి వేస్తే కార్డు మీద ఊదా చుక్క పడింది. ‘బ్లూ కట్’ లెన్స్ అడ్డం పెడితే చుక్క మాయమైపోయింది. ‘చూశారా మాస్టారూ, ఫోన్ లైటు కూడా ఇలాగే ఆగిపోద్ది’ అన్నాడు. పిల్ల రాత్రి పదకొండు దాకా ఫోన్‌లో పాఠాలు వింటుంది కదా అని 3,400 రూపాయలు కట్టేశాను.

ఆ టార్చి సంగతి తర్వాత తెలిసింది. అందులోంచి వచ్చేది సుమారు 405 నానోమీటర్ల ఊదా కాంతి. ఫోన్, కంప్యూటర్ తెరల్లోంచి ఎక్కువగా వచ్చే నీలం 450 దగ్గర ఉంటుంది. షాపులో చూపించే లెన్స్ మొదటిదాన్ని గట్టిగా ఆపుతుంది, రెండోదాన్ని చాలావరకు వదిలేస్తుంది. నమ్మకం లేకపోతే ఫోన్‌లో నీలం బొమ్మ ఒకటి పెట్టి ఆ లెన్స్‌లోంచి చూడండి. నీలం నీలంగానే కనిపిస్తుంది. పోనీ కొంత ఆపినా లాభం ఉందా అంటే, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో 17 పరిశోధనలను కలిపి చూసి, కంప్యూటర్ ముందు కళ్ల అలసట ఈ లెన్స్‌ల వల్ల తగ్గినట్టు కనబడలేదని తేల్చింది. తెర చూస్తున్నప్పుడు రెప్ప తక్కువ వేస్తాం, గంటల తరబడి దగ్గరి చూపుతోనే ఉంటాం. అలసటకి అసలు కారణం అది. దానికి కోటింగ్ ఏం చేస్తుంది?

అయినా నా లేఖ ఆ డబ్బు గురించి కాదు. కొత్త అద్దాలు పెట్టుకున్న మూడో రోజు నుంచి అమ్మాయికి నుదురు నొప్పి. షాపులో అడిగితే ‘కొత్త కదా, అలవాటైపోద్ది’ అన్నారు. రెండు వారాలు చూసి, కంటి ఆస్పత్రిలో అద్దాల్ని లెన్స్ పవర్, కేంద్రం చూసే లెన్సోమీటర్ మీద పెట్టించాను. పవర్ సరిగ్గానే ఉంది. తప్పల్లా అది కూర్చున్న చోటులో ఉంది. మా అమ్మాయి కంటిపాపల మధ్య దూరం, అంటే షాపువాళ్లు పీడీ అనేది, 60 మిల్లీమీటర్లు. అద్దాల్లో రెండు లెన్స్‌ల కేంద్రాల మధ్య దూరం 66 వచ్చింది. ఒక్కో కంటికి 3 మిల్లీమీటర్లు పక్కకి పోయిందన్నమాట. కేంద్రం తప్పిన లెన్స్ వెలుతురుని పక్కకి వంచుతుంది, దాని కొలతే ప్రిజమ్. మైనస్ 4 లెన్స్‌లో 0.3 సెంటీమీటర్లు తప్పితే నాలుగుతో గుణించి 1.2 ప్రిజమ్, రెండు కళ్లకీ కలిపి 2.4. దూరం చూసేటప్పుడు పిల్ల రెండు కళ్లనీ బయటివైపుకి లాగి పట్టుకోవాల్సి వస్తోంది. ఆ వైపుకి కళ్లకి ఉండే శక్తే తక్కువ. నుదురు నొప్పి రాక ఏమొస్తుంది!

ఇది ఎలా జరిగిందో ఫ్రేమ్ మీదే రాసి ఉంది. కాడ లోపలివైపు చూస్తే 54, పక్కన 18 అని అచ్చు కనిపిస్తుంది. మొదటిది ఒక అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీద ఖాళీ. రెండూ కలిపితే 72, అంటే ఫ్రేమ్‌లో రెండు అద్దాల నడిమి చోట్ల మధ్య దూరం. అమ్మాయి పీడీ 60 కాబట్టి ఒక్కో లెన్స్ కేంద్రాన్ని 6 మిల్లీమీటర్లు ముక్కువైపుకి జరపాలి. అంత జరిపి, ఫ్రేమ్ మూలలు కూడా నిండేలా కోయాలంటే 72 మిల్లీమీటర్ల దాకా వెడల్పున్న గుండ్రటి లెన్స్ కావాలి. స్టాకులో మామూలుగా దొరికేవి 65, 70. చాలక, కోసేవాడు సగమే జరిపి బిగించేశాడు. అమ్మాయికి పెద్ద ఫ్రేమే నచ్చింది, నేనూ వద్దనలేదు. కానీ ‘ఈ పవర్‌కి, ఈ పీడీకి ఇది పనికిరాదమ్మా’ అని చెప్పాల్సింది షాపువాడు. పైగా అసలు పీడీ కొలిచిన గుర్తే నాకు లేదు.

రెండోసారి చిన్న షాపుకి వెళ్లాం. గోడకి ఏసీ కూడా లేదు. ఆయన ముందు పీడీ కొలిచాడు. 48-17 ఫ్రేమ్ తీశాడు. అంటే 65, జరపాల్సింది రెండున్నర మిల్లీమీటర్లే. ఫ్రేమ్ అమ్మాయి ముఖానికి పెట్టి, ఎదురుగా కూర్చుని డమ్మీ లెన్స్ మీద స్కెచ్ పెన్నుతో కంటిపాప ఎదురుగా చుక్కలు పెట్టాడు. తయారయ్యాక లెన్సోమీటర్‌తో రెండు లెన్స్‌ల కేంద్రాల మీద సిరా చుక్కలు కొట్టి, స్కేలు నా చేతికిచ్చి ‘కొలుచుకోండి’ అన్నాడు. 60 ఉంది. షాపుని నమ్మవచ్చా లేదా అన్నదానికి నేనిప్పుడు చూసేది ఈ ఒక్కటే. చిన్న ఫ్రేమ్ కావడంతో లెన్స్ అంచు మందం కూడా బాగా తగ్గింది.

కోటింగ్‌లలో నిజంగా పనికొచ్చేది వెలుతురు తిరిగి కొట్టకుండా చేసే యాంటీ గ్లేర్. కోటింగ్ లేని మామూలు ప్లాస్టిక్ లెన్స్ తన మీద పడిన వెలుతురులో ఎనిమిది శాతం వెనక్కి కొడుతుంది. మందం తక్కువుండే హై ఇండెక్స్ లెన్స్ ఇంకా ఎక్కువ కొడుతుంది. రాత్రి హైవే మీద స్కూటర్ నడిపేవాళ్లకి ఎదుటి లారీ లైటు రెండుగా కనబడేది దీనివల్లే. కోటింగ్ ఉందో లేదో తెలుసుకోడానికి టార్చి అక్కర్లేదు. ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూడండి. లైటు తెల్లగా, గట్టిగా మెరిస్తే కోటింగ్ లేదు. ఆకుపచ్చగానో నీలంగానో మసకగా కనిపిస్తే ఉంది. అయితే ఎన్నాళ్లు నిలుస్తుందో ఈ పరీక్ష చెప్పదు. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెడితే ప్లాస్టిక్ సాగుతుంది, పైపొర అంతగా సాగదు, సాలెగూడులా పగుళ్లు వస్తాయి. అన్నం గిన్నె ఆవిరి మీద ముఖం పెట్టేవాళ్లకీ అంతే.

ఫ్రేముల గురించి ఒక్క మాట. ‘టైటానియం’ అని చెప్పి అమ్మేవాటిని అయస్కాంతంతో చూడవచ్చు. అంటుకుంటే టైటానియం కాదు. అంటుకోకపోతే టైటానియమే అనుకోకండి, రాగి-నికెల్ కలిపిన లోహాలు కూడా సరిగ్గా అంటుకోవు. నా పాత ఫ్రేమ్ అలాంటిదే. మన ఉక్కకి పూత పోయి ముక్కు దగ్గర ఆకుపచ్చ చిలుము పట్టింది, చర్మం దురద పెట్టింది.

మీ పత్రిక ద్వారా రెండు కోరికలు. ఆస్పత్రులు, కంటి పరీక్షల శిబిరాలవాళ్లు చీటీ మీద పవర్‌తో పాటు పీడీ కూడా రాసివ్వాలి. మా అమ్మాయి చీటీలో ఆ గడి ఉంది, ఖాళీగా. షాపులవాళ్లు బిల్లు మీద ‘లెన్స్, ఫ్రేమ్’ అని కాకుండా లెన్స్ కంపెనీ, ఇండెక్స్, కోటింగ్ పేరు, బిగించిన పీడీ రాయాలి. లెన్స్ వచ్చిన కవరు కూడా మనకిచ్చేయాలి. మొదటి షాపులో నాకిచ్చిన బిల్లు మీద ‘స్పెక్ట్స్ – 1’ అని మాత్రమే ఉంది. దాన్ని పట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనుకున్నాను. ఏ లెన్స్ అమ్మారో నాకే తెలియనప్పుడు ఏమని ఫిర్యాదు చెప్పను?

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు, కంటోన్మెంట్, విజయనగరం