ఇదిగో నీ సంతకం

ఈ రోజు పట్టా చేతికి వచ్చింది. గౌను ఇంకా విప్పలేదు. ఒళ్లంతా అలసటగా ఉంది, కానీ ఇది రాయకుండా నిద్ర పట్టేలా లేదు.

అమ్మా, నాన్నా, మీకు వేరే చెప్పాలా? ఈ పట్టా మీదే. మా గణాంకశాస్త్రం మేడం గారికి, ప్రాజెక్టు చేయించిన సార్‌కి పాదాభివందనాలు.

నేను ఎక్కువగా చెప్పాల్సింది పరీక్షల విభాగంలో ఉద్యోగం చేసే ఒకావిడ గురించి. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

చివరి సెమిస్టర్ ఫలితాల్లో గణాంకశాస్త్రం ఎదురుగా ‘ఆబ్సెంట్’ అని వచ్చింది. మూడు గంటలు కూర్చుని రాసిన పరీక్ష అది! పట్టాకు అర్హుల జాబితా ముగియడానికి నాలుగే రోజులు. వెబ్‌సైట్‌లో రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ తప్ప మరో దారి లేదు. అసలు మార్కులే లేనప్పుడు ఏది లెక్కపెడతారు, ఏది మళ్లీ దిద్దుతారు? ఏ కిటికీ దగ్గరికి వెళ్లినా పక్క కిటికీ చూపించారు. “రాశావని రుజువేమిటి?” అని ఒకాయన అడిగితే నోట మాట రాలేదు. రుజువులన్నీ వాళ్ల బీరువాల్లోనే ఉంటాయి, తెచ్చి చూపించాల్సింది మాత్రం విద్యార్థి. ఇది అన్యాయం. పట్టా వచ్చాక కూడా అన్యాయమే అంటాను.

మూడో రోజు సాయంత్రం ఆవిడ ఇంటికి బయలుదేరుతూ నన్ను చూసి ఆగారు. హాల్‌టికెట్ తీసుకుని, ఆ రోజు హాజరు పత్రాల కట్ట తెప్పించారు. అందులో ప్రతి వరుసలో హాల్‌టికెట్ నంబరు, జవాబు పుస్తకం క్రమసంఖ్య, విద్యార్థి సంతకం ఉంటాయి. వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ వచ్చి ఒకచోట ఆగి, “నువ్వు రాశావమ్మా. ఇదిగో నీ సంతకం” అన్నారు.

అంతే, అక్కడే ఏడ్చేశాను. మూడు రోజుల్లో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆవిడ.

ఆ క్రమసంఖ్యతో నా జవాబు పుస్తకాన్ని వెతికించారు. మొదటి పేజీలో గళ్లలో నంబరు సరిగ్గానే రాశాను, కింద దిద్దిన వృత్తాల్లో మాత్రం చివరి అంకె 7 బదులు 1. యంత్రం వృత్తాలనే చదువుతుంది. పొరపాటు నాదే, కానీ ఆవిడ ఒక్క మాట అనలేదు. సవరణ పత్రం రాయించి, అధికారి సంతకం అయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడ్డారు. మర్నాడు మధ్యాహ్నానికి మార్కులు వచ్చాయి, జాబితాలో నా పేరు చేరింది.

మేడం, ఈ రోజు వేదిక ఎక్కుతూ జనంలో మీ కోసం చూశాను. మీరు కనిపించలేదు.

అయ్యో, ఆ కట్టను పై అరలోంచి దించిన అటెండర్ గారిని మరిచాను, ఆయనకు దండాలు. మూడు రోజులూ నాతో వరుసలో నిలబడ్డ నా స్నేహితురాలికి కూడా. తమ్ముడూ, నువ్వు కూడా. ఇంకా, ఉదయం గౌను భుజం దగ్గర విడిపోతే తన చున్నీ పిన్ను తీసి పెట్టిన జూనియర్ అమ్మాయీ, నీ పిన్ను నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకో.