గుంటలో నీళ్ళు నిలబడాలంటే

ఒరేయ్ శీనా,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడ్చినంత పనిచేశావు గదా, పొలంలో నీటి గుంట నిండి మూడు వారాలు తిరక్కుండానే సగానికి దిగిపోయిందని, అప్పుడే చెబుదామనుకున్నా గానీ సిగ్నల్ పోయింది, అయినా ఇవన్నీ ఫోన్‌లో చెప్పేవి కాదులే అని రాత్రి నిమ్మతోటకి నీళ్ళు పెట్టొచ్చి కూర్చుని రాస్తున్నా. నీళ్ళు ఇంకకుండా గుంటలో పరిచే ప్లాస్టిక్ షీటు సంగతీ చెబుతా, తీరిగ్గా చదువు, మీ బావ మాట విని బంకమట్టికి బయానా ఇచ్చేయబాక.

ముందు ఒక బకెట్ పని చెయ్. గుంటలో మెట్టు మీద, నీళ్ళు బకెట్‌కి చుట్టూ తగిలేట్టు, లోపల ఒక రాయేసి, నీళ్ళు పోసి పెట్టు. బకెట్ లోపల ఒక గీత, గుంటలో పాతిన కర్ర మీద ఒక గీత. వాన లేకుండా, మోటారు ఆడకుండా నాలుగు రోజులు చూడు. బకెట్లో తగ్గింది ఎండకి పోయింది, దాన్ని ఏ షీటూ ఆపదు. గుంటలో అంతకంటే ఎక్కువ ఎంత తగ్గితే అంత భూమి తాగింది. నువ్వు చెప్పినట్టు రోజుకి 8 సెంటీమీటర్లు దిగతా ఉంటే ఈ చలికాలంలో ఎండ వాటా అర సెంటీమీటరు కూడా ఉండదు, మిగతాదంతా ఇంకిపోయేదే. 15 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న నీ గుంట పైదాకా నిండినప్పుడు 8 సెంటీమీటర్లంటే 18 వేల లీటర్లురా రోజుకి! మీ కనిగిరి వైపు ఆ ఎర్ర గరప నేలలో ఇంతకంటే ఏం ఆశిస్తాం.

ఇప్పుడు మీ బావ మాట. చెరువు బంకమట్టి తోలించి దిమ్మిస కొట్టిస్తే చాలంటున్నాడు. ఆ మాట అబద్ధం కాదు. మా మేనమామ పొలంలో పల్లపు గుంట అట్ట చేసిందే, ఇప్పటికీ బాగుంది. మట్టి చూడ్డానికి తడిపి అరచేతుల మధ్య పాములాగా చుట్టి వేలికి మెలిపెట్టు, పగలకుండా వంగితే పనికొస్తుంది. 15 సెంటీమీటర్ల పొరలు రెండు, ఒక్కో పొర ముద్ద కట్టేంత తేమ పెట్టి రోలర్ తొక్కించాలి, పొడి మట్టి పోసి తొక్కిస్తే వంద సార్లు తొక్కించినా గుల్లే. కానీ మామ గుంటలో నడి వేసవిలో కూడా మోకాలి లోతు నీళ్ళుంటాయి. నీది ఏప్రిల్‌కి ఎండుతుంది. ఎండిన బంకమట్టి వేలు పట్టేంత నెర్రెలు ఇస్తుంది, నల్లరేగడయితే చెయ్యే పట్టుద్ది, మళ్ళీ అక్టోబర్లో మొదటి నీళ్ళన్నీ ఆ నెర్రెల్లోకే. కొంత పూడుకుంటాయిలే గానీ మొదట బిగించినంత బిగువు రాదు.

ఇంకోటి, వాలు. నీ గుంటకి నిలువు 1 కి అడ్డం ఒకటిన్నర వాలు పెట్టించావు, మంచిదే, కానీ ఆ వాలు మీద రోలర్ నిలవదు, తడి మట్టి జారతుంది. బంకమట్టికి 1 కి 3 వాలుంటే బాగుంటుంది. నీ 15 మీటర్ల గుంటకి అట్ట ఇస్తే రెండున్నర మీటర్ల లోతులోనే నాలుగు గట్లూ ఒకచోట కలిసిపోతాయి, 3 మీటర్ల లోతు ఇంకేడ్నించి వస్తుంది? కాబట్టి బంకమట్టి నీకు కాదు. బావకి ఇట్టా లెక్క చూపించు, ఊరికే వద్దంటే అలుగుతాడు.

పీవీసీ షీటు అడిగావు. చేతికి మెత్తగా ఉంటుంది, ఎగుడుదిగుడు నేలకి అతుక్కుని పడుకుంటుంది, చిరిగితే జిగురుతో మనమే అతుకు వేసుకోవచ్చు, అదంతా నిజం. దాన్ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం ఎండకి మెల్లగా పోతుంది, అదీ దాని జబ్బు. మా పక్క తోటాయన గుంటలో నీళ్ళ కింద భాగం ఇంకా బాగానే ఉంది, పైన ఎండ తగిలే అంచు మాత్రం అప్పడంలా టప్‌మని విరిగింది, నేను చేత్తో పట్టుకుని చూశా. అందుకే పీవీసీ మీద ఒక అడుగు మన్ను కప్పాలి. మళ్ళీ నీ వాలు అడ్డం, షీటు మీద మన్ను ఆ వాలుకి నిలవదు.

ఇక మిగిలింది నల్ల హెచ్‌డీపీఈ షీటు. దాంట్లో మసి లాంటి కార్బన్ కలుపుతారు, అందుకే ఎండలో అట్నే వదిలేసినా తట్టుకుంటుంది. మందం 500 మైక్రాన్‌కి తగ్గబాక. ఇక్కడే నేను మోసపోయా. 500 అని బిల్లు రాసిచ్చిన షీటు రెండో ఏడే వాలు మీద చీలింది. అనుమానమొచ్చి పొడవూ వెడల్పూ 20 సెంటీమీటర్లుండే ముక్క కోసి బంగారం కొట్లో తూకం వేయిస్తే 11 గ్రాములు! అసలు 500 అయితే 19 గ్రాములు రావాలి, అంటే నాకిచ్చింది 300 కూడా లేదు. ఆ కొట్టతను నవ్వాడు, నాకు మాత్రం కడుపు మండింది. నువ్వు కొనకముందే ముక్క అడిగి తూయించు. నేసి పూత పూసిన రకమైతే లెక్క కొంచెం మారుతుంది, అప్పుడు చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో బిల్లు మీద రాయించుకుని అదే తూయి.

కొలత ఇట్టా. గుంట అడుగున వెడల్పు 6 మీటర్లు, రెండు వాలులూ 5.4 చొప్పున, అంటే 16.8. గట్టు మీద అంచుకి అర మీటరు దూరంలో అర మీటరు లోతు, అర మీటరు వెడల్పు గాడి తవ్వి షీటు అందులోకి దించాలి, దానికి వైపుకి ఒకటిన్నర. మొత్తం 20 మీటర్లు, రెండో వైపూ అంతే, 400 చదరపు మీటర్లు, బరువు 190 కేజీల చిల్లర. ఫ్యాక్టరీలోనే ఒక్క ముక్కగా వెల్డింగ్ చేయించి తెప్పించు, ఇది జిగురుకి అంటదు, పొలంలో అతుకు వేయాలంటే వేడి మిషన్ ఉండాల్సిందే.

పరిచేముందు రాళ్ళు, వేరు ముక్కలు ఏరించు. తుంగ ఉంటే గడ్డతో సహా తీయించు, ఆ మొలక సూదిలాగా షీటుని పొడుచుకుని పైకి వస్తుందిరా, నా దాంట్లో మూడు చోట్ల వచ్చింది. తర్వాత రెండంగుళాలు జల్లెడ పట్టిన మన్ను. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు షీటు పరుచు, బిగుతుగా లాగబాకండి, రాత్రి చలికి ముడుచుకుని మూలల్లో గాల్లోకి లేస్తుంది, లేచినచోటే నీళ్ళ బరువుకి చీలుతుంది. మూడడుగులు నీళ్ళు చేరి షీటు సర్దుకున్నాకే గాడి పూడ్చు. వాగు నీళ్ళు లోపలికి వచ్చేచోట రాతి పరుపు వెయ్, లేకపోతే నీళ్ళు అంచు కింద దూరి మన్ను కోసేస్తాయి.

మా దగ్గర నవంబర్ తుపానుకి భూమిలో ఊట పైకొచ్చి ఖాళీ గుంటలో షీటు గేదె వీపులా పైకి తేలింది, అప్పట్నించి రెండడుగులు నీళ్ళు ఉంచుతున్నా. మీకు ఊట లోతు, ఆ బాధ లేదులే. కంచె మాత్రం మర్చిపోబాక. తడి షీటు మీద మనిషే పైకి ఎక్కలేడు, ఇంక మేక సంగతి చెప్పేదేముంది. నాలుగు వైపులా ముడులేసిన మోకు గట్టు మీద గుంజకి కట్టి లోపలికి వేలాడదియ్, పిల్లోళ్ళు తిరిగే చోటు.

బకెట్ లెక్క ఆదివారానికి పంపు. షీటు ముక్క దొరికితే తూకం కూడా. అమ్మకి నిమ్మకాయ పచ్చడి పంపుతున్నానని చెప్పు, బస్సులో మనవాడొకడు వస్తున్నాడు.

నీ రమణ