ధర్మ సంస్థలకు పన్ను మినహాయింపు: 85 శాతం లెక్క ఎక్కడ తప్పుతోంది?

సంపాదకులకు నమస్కారం.

రిజిస్ట్రేషన్ ఉన్న ధార్మిక ట్రస్టుకు ఆదాయపు పన్ను ఉండదన్న మాట పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. ఆ మాటను నమ్మి నిశ్చింతగా ఉన్న చిన్న ట్రస్టులకే పన్ను కట్టమని నోటీసులు వస్తున్నాయి. వీటిలో చాలావాటిలో దుర్వినియోగమేమీ ఉండదు. డబ్బు మంచి పనికే ఖర్చయి ఉంటుంది, కానీ చట్టం ఒప్పుకునే తీరులో, చెప్పిన తేదీలోపు లెక్క చూపి ఉండరు. వృద్ధాశ్రమాలు, గోశాలలు, ఉచిత వసతి గృహాలు నడిపేవాళ్లకు పనికొస్తుందని ఈ వివరాలు రాస్తున్నాం.

కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినా, 2026 మార్చి 31తో ముగిసిన ఏడాది ఆదాయానికి 1961 నాటి చట్టమే వర్తిస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పాత చట్టం ప్రకారమే.

ఏడాది ఆదాయంలో 85 శాతాన్ని ట్రస్టు తన లక్ష్యాల కోసం ఆ ఏడాదే వినియోగించాలన్నది మూల నియమం. మిగతా 15 శాతాన్ని ఏ ఫారమూ లేకుండా, గడువు లేకుండా అట్టే పెట్టుకోవచ్చు. అయితే అదైనా బ్యాంకు డిపాజిట్ వంటి చట్టం అనుమతించిన పెట్టుబడుల్లోనే ఉండాలి. ఆదాయం అంటే వడ్డీ, అద్దె మాత్రమే కాదు. మామూలు విరాళాలు కూడా ఆదాయమే. దాత కార్పస్ కోసమని, అంటే శాశ్వత నిధిగా ఉంచమని స్పష్టంగా నిర్దేశించి ఇచ్చిన సొమ్ము మాత్రం ఈ లెక్కలోకి రాదు. అందుకూ ఒక షరతు ఉంది. ఆ సొమ్మును కార్పస్ పేరిట విడిగా డిపాజిట్ చేసి ఉంచాలి. సాధారణ సేవింగ్స్ ఖాతాలో మిగతా విరాళాలతో కలిపేస్తే మినహాయింపు నిలవదు.

జిల్లా కేంద్రంలో ఒక వృద్ధాశ్రమం ఉందనుకుందాం. 2025-26లో మామూలు విరాళాలు 32 లక్షలు, అద్దె 6 లక్షలు, వడ్డీ 2 లక్షలు, మొత్తం 40 లక్షల రూపాయలు. అందులో 85 శాతం 34 లక్షలు. ఆదాయ వ్యయాల పట్టికలో ఖర్చు 33.5 లక్షలు కనబడుతోంది. కొరత 50 వేలే కదా, పెద్ద విషయం కాదని కమిటీ అనుకుంటుంది. పట్టికలో ఉన్న ప్రతి ఖర్చునూ చట్టం వినియోగంగా ఒప్పుకోదని ఆ కమిటీకి ఎవరూ చెప్పి ఉండరు.

సిబ్బందికి మార్చి జీతాలు, కిరాణా కొట్టు బాకీ కలిపి 1.8 లక్షలు ఏప్రిల్‌లో చెల్లించారు. మార్చి 31 లోపు చేతులు మారిన డబ్బే ఆ ఏడాది వినియోగం, కాబట్టి ఈ మొత్తం తీసేయాలి. ఇది వచ్చే ఏడాది లెక్కలో కలుస్తుంది. పైకప్పు మరమ్మతుకు మేస్త్రీకి ఒకే రోజు 60 వేలు నగదుగా ఇచ్చారు. ఒక వ్యక్తికి ఒక రోజులో 10 వేలు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కకు రాదు. పని జరిగినా, రసీదు ఉన్నా ఇంతే. పక్క ఊరి ట్రస్టుకు 2 లక్షలు విరాళంగా ఇచ్చారు. 2023 సవరణ తర్వాత అందులో 85 శాతాన్నే, అంటే 1.7 లక్షలనే వినియోగంగా ఒప్పుకుంటారు. 30 వేలు పోయాయి.

వ్యాన్‌పై తరుగుదల 1.5 లక్షలు రాశారు. కొన్న ఏడాదే వ్యాన్ ధర మొత్తాన్ని వినియోగంగా చూపారు కాబట్టి మళ్లీ తరుగుదల అడగడం కుదరదు. చివరిగా, కార్పస్ డిపాజిట్ నుంచి లక్ష తీసి మంచాలు కొన్నారు. కార్పస్ నుంచి పెట్టిన ఖర్చు ఇప్పుడు లెక్కకు రాదు. ఆ లక్షను ఐదేళ్లలోపు ఏదో ఒక ఏడాది ఆదాయం నుంచి తిరిగి కార్పస్‌లో వేస్తే, వేసిన ఏడాది వినియోగంగా చూపవచ్చు. అప్పు తెచ్చి చేసిన ఖర్చుకూ ఇదే పద్ధతి, తీర్చిన ఏడాదే లెక్క.

ఇలా పోయినవి మొత్తం 5.2 లక్షలు. 33.5 లక్షల్లో మిగిలింది 28.3 లక్షలు. ట్రస్టుకు అనుకూలమైనదీ ఒకటి ఉంది, దాన్నే చాలామంది మరచిపోతారు. ఈ ఏడాది ఆదాయంతో 1.2 లక్షలు పెట్టి సోలార్ వాటర్ హీటర్ కొన్నారు. అది ఆస్తి కాబట్టి ఖర్చుల పట్టికలో కనబడదు, ఆస్తి అప్పుల పట్టికలో ఉంటుంది. అయినా లక్ష్యాల కోసం కొన్న ఆస్తి ధర వినియోగమే. దాన్ని కలిపితే 29.5 లక్షలు. నిరుటి బకాయిలు ఈ ఏడాది చెల్లించి ఉంటే, నిరుడు చూపనప్పుడు, వాటినీ కలపవచ్చు. ఈ ఆశ్రమానికి అలాంటివి లేవనుకుందాం.

అంటే అసలు కొరత 50 వేలు కాదు, 4.5 లక్షలు. ఏ ఫారమూ వేయకుండా ఊరుకుంటే దాని మీద 30 శాతం చొప్పున 1.35 లక్షల పన్ను, 4 శాతం సెస్ 5,400, మొత్తం 1,40,400 రూపాయలు కట్టాలి. వడ్డీ దీనికి అదనం.

దీన్ని తప్పించుకోవడానికి చట్టమే రెండు దారులిచ్చింది. ఆదాయం ఇంకా చేతికి అందకపోవడం వల్లో, మార్చి చివరి వారంలో విరాళం వచ్చిపడటం వల్లో ఖర్చు పెట్టలేకపోతే ఫారం 9ఏ వేయాలి. మార్చి చివర వచ్చిన సొమ్మును మరుసటి ఏడాదిలోనే ఖర్చు చేయాలి. ఆ ఖర్చును మరుసటి ఏడాది 85 శాతంలో మళ్లీ చూపకూడదు. ఒక ఖర్చును రెండేళ్లలోనూ చూపడం ఆడిట్‌లో తరచూ దొరికే తప్పు.

పెద్ద పని కోసం కూడబెట్టాలంటే ఫారం 10. గరిష్ఠంగా ఐదేళ్లు దాచుకోవచ్చు. ముందు ట్రస్టీల తీర్మానం కావాలి. అందులో పని ఏమిటో, ఎంత సొమ్మో, ఎన్నేళ్లో రాయాలి. ‘ట్రస్టు ఆశయాల సాధన కోసం’ అని రాసి వదిలేస్తేనే అధికారులు అభ్యంతరం చెబుతున్నారు. ‘మొదటి అంతస్తులో మహిళల వసతి గదుల నిర్మాణం’ అని రాస్తే పేచీ ఉండదు. ఇలా దాచిన సొమ్మును ఇంకో ట్రస్టుకు ఇవ్వకూడదు. మన ఆశ్రమం 4.5 లక్షలను ఐదేళ్లకు దాచుకుంటే 2031 మార్చి 31 లోపు ఆ పనికే ఖర్చు చేయాలి. మిగిలినది 2030-31 ఆదాయమై పన్నుకు వస్తుంది. ఆరో ఏడాది అవకాశం ఉండేది, దాన్ని 2022లో తీసేశారు. పాత పుస్తకాలు చూసి లెక్కవేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు.

ఇక తేదీలు. ఆడిట్ అవసరమైన ట్రస్టుకు ఐటీఆర్-7 రిటర్ను గడువు అక్టోబరు 31. ఆడిట్ నివేదిక అంతకు నెల ముందే, సెప్టెంబరు 30 లోపు పోర్టల్‌లో పడాలి. ఆడిటర్ అప్‌లోడ్ చేస్తే సరిపోదు, ట్రస్టు తన లాగిన్‌లో దాన్ని ఆమోదించాలి. ఆ ఆమోదం మిగిలిపోయి నివేదిక అందనట్టే లెక్కకు వచ్చిన ట్రస్టులు ఉన్నాయి. ఫారం 9ఏ, 10లకు చట్టంలో రాసిన గడువు రిటర్నుకు రెండు నెలల ముందు, అంటే ఆగస్టు 31. ఆడిట్ పూర్తి కాకుండా కొరత ఎంతో తేలదు, కొరత తేలకుండా ఫారం నింపలేం. నెల తర్వాత వచ్చే అంకెను నెల ముందే చెప్పమన్నట్టు ఉంది ఈ వరుస. ఇబ్బంది కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డుకూ తెలిసింది కాబోలు, రిటర్ను గడువులోపు ఈ ఫారాలు వేసినా మినహాయింపు నిరాకరించరాదని 2023 మేలో ఇచ్చిన సర్క్యులర్‌లో వివరణ ఇచ్చింది. సర్క్యులర్ మీద ఆధారపడకుండా ఆగస్టులోనే వేయడం మేలు.

రిటర్ను గడువు దాటితే ఏమవుతుందన్నది చాలామంది అడిగే ప్రశ్న. డిసెంబరు 31 లోపు ఆలస్యపు రిటర్ను వేస్తే ఆ ఏడాది వినియోగానికి మినహాయింపు పోదు, కానీ ఫారం 10 కింద దాచుకున్న సొమ్ముకు మినహాయింపు పోతుంది. ఆడిట్ నివేదిక ఆలస్యమైతే దెబ్బ ఇంకా పెద్దది. 15 శాతం వెసులుబాటూ, ఆస్తుల కొనుగోలు ఖర్చూ రెండూ లెక్కలోంచి పోతాయి. నిజమైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించమని కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 నవంబరు 18 నాటి సర్క్యులర్ ప్రకారం 9ఏ, 10 ఫారాల్లోనూ, ఆడిట్ నివేదిక ఫారాలైన 10బీ, 10బీబీల్లోనూ 365 రోజుల వరకు ఆలస్యాన్ని ఆయనే మన్నించగలరు. అంతకు మించితే పై అధికారి దగ్గరికి వెళ్లాలి.

ఆడిట్ నివేదిక ఏ ఫారంలో అన్నది మన రాష్ట్రాలకు ప్రత్యేకంగా తగిలే సమస్య. ఆదాయం 5 కోట్లు దాటితే 10బీ, లేకపోతే 10బీబీ అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఏడాదిలో విదేశీ విరాళం ఎంత చిన్నదైనా అందితే 10బీనే వేయాలి. అమెరికాలో స్థిరపడిన వాళ్లు సొంతూరి ట్రస్టుకు పంపే డబ్బు మన దగ్గర మామూలే. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ కింద అనుమతి ముందే ఉండాలి. అది వేరే కథ. పన్ను వరకు చూస్తే, 40 లక్షల ఆదాయమున్న మన ఆశ్రమమైనా అలాంటి సొమ్ము అందిన ఏడాది 10బీబీ వేస్తే సరైన నివేదిక ఇవ్వనట్టే. అందుకే డబ్బు తీసుకునేటప్పుడే దాత పౌరసత్వం రాయించుకోవాలి.

మా కోరికలు రెండే. ఫారం 9ఏ, 10ల గడువును సర్క్యులర్‌తో సరిపెట్టకుండా చట్టంలోనే రిటర్ను గడువుతో కలపాలి. విదేశీ విరాళం అందిందా అన్న ప్రశ్నను పోర్టల్ ముందుగానే అడిగి, జవాబును బట్టి సరైన ఆడిట్ ఫారాన్నే తెరవాలి. ఈలోగా ట్రస్టుల కార్యదర్శులు జులైలోనే తమ లెక్కాయనను కూర్చోబెట్టి, మార్చి 31 నాటికి చెల్లించని బిల్లుల జాబితా, 10 వేలు దాటిన నగదు చెల్లింపుల జాబితా తీయించగలిగితే కొరత ఎంతో ఆగస్టుకు ముందే తేలిపోతుంది.

ఇట్లు,
ట్రస్టుల ఖాతాలు చూసే కొందరు ఆడిటర్లు,
గుంటూరు