‘ఓకే’ నొక్కించే హెచ్చరికలు చాలవు

సంపాదకుడికి,

షేర్ మార్కెట్లో ఎవరో ఒక సున్నా ఎక్కువ కొట్టి కోట్లు పోగొట్టుకున్నారని వార్త వచ్చినప్పుడల్లా మన చర్చ ఆ డీలర్ వేలి దగ్గరే ఆగిపోతోంది. రోజంతా అంకెలు కొట్టేవాళ్ల వేలు ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. ఆ ఆర్డర్ కంప్యూటర్ నుంచి ఎక్స్ఛేంజీకి చేరేలోగా దాన్ని ఆపాల్సిన తనిఖీలు ఎక్కడున్నాయి, ఎంత గట్టిగా ఉన్నాయి అని ఎవరూ అడగడం లేదు.

2012 అక్టోబర్ 5 ఉదయం ఎన్ఎస్ఈలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. 17 లక్షల రూపాయల విలువైన నిఫ్టీ బాస్కెట్, అంటే సూచీలోని షేర్లన్నీ కలిపిన కట్ట, అమ్మాల్సిన డీలర్, ఆ 17 లక్షలను విలువ గడిలో కాకుండా సంఖ్య గడిలో కొట్టాడు. నిఫ్టీ 5,700 పైన ఉన్న రోజది. 300 యూనిట్లు కూడా దాటని అమ్మకం 17 లక్షల యూనిట్లయింది, అంటే దాదాపు 980 కోట్ల రూపాయలు. బాస్కెట్ విడిపోయి 59 ఆర్డర్లుగా వెళ్లింది. వాటిలో 650 కోట్లకు పైగా విలువైన లావాదేవీలు క్షణాల్లో పూర్తయ్యాయి. 10 శాతం దగ్గర ఆగాల్సిన సూచీ 15 శాతానికి పైగా పడి, 4,888ని తాకింది. సర్క్యూట్ బ్రేకర్ పనిచేసింది కానీ, అప్పటికే లోపలికి వచ్చేసిన ఆర్డర్లను అది వెనక్కి పంపలేదు. ఆర్డర్ బయల్దేరకముందు చేసే తనిఖీకీ, మార్కెట్ పడ్డాక వేసే బ్రేకుకూ ఉన్న తేడా ఇదే.

ఆ డిసెంబర్లో సెబీ నిబంధనలు బిగించింది. సాధారణ మార్కెట్లో 10 కోట్ల రూపాయలు దాటిన ఒక్క ఆర్డర్‌ను ఎక్స్ఛేంజీ తీసుకోకూడదంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్ ఉన్న షేర్లకు ధర నిన్నటి ముగింపుకు 10 శాతం అటూ ఇటూ దాటకుండా డైనమిక్ ప్రైస్ బ్యాండ్ పెట్టమంది. మార్కెట్ నిజంగానే ఒకవైపు నడుస్తుంటే ఆ బ్యాండ్‌ను 5 శాతం చొప్పున సడలించమని అప్పట్లో చెప్పింది. బ్రోకర్ టెర్మినళ్ల నుంచి వెళ్లి ఇంకా అమలు కాని ఆర్డర్ల మొత్తం విలువకు ఒక హద్దు ఉండాలని కూడా చెప్పింది. ఆ హద్దు ఎంతన్నది మాత్రం బ్రోకర్‌కే వదిలేసింది. ఇవన్నీ అవసరమైనవే. కానీ ఇవి మార్కెట్‌ను కాపాడే గోడలు. ఇరవై వేలో, రెండు లక్షలో పెట్టే మదుపరికి 10 కోట్ల గోడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఒక మామూలు ఉదాహరణ చెబుతాను. పెద్దగా చేతులు మారని ఒక షేరు ఉందనుకోండి. నిన్నటి ముగింపు 86 రూపాయలు, రోజువారీ బ్యాండ్ 10 శాతం. అంటే 77.40 దాకా ధర దిగినా ఎక్స్ఛేంజీకి అభ్యంతరం లేదు. కొనేవాళ్ల వరుస ఇలా ఉంది: 86 రూపాయలకు 300, 85.50కి 200, 84కి 500, 81కి 400, 78.50కి 1,000 షేర్లు. డీమ్యాట్‌లో మూడువేల షేర్లున్న మనిషి 240 అమ్మబోయి 2,400 అని కొట్టి, దొరికిన ధరకు అమ్మేసే మార్కెట్ ఆర్డర్ పెట్టాడు. వరుస మొత్తం ఊడ్చుకుపోతుంది. చేతికొచ్చేది 1,95,800 రూపాయలు, సగటున షేరుకు 81.58. 86 లెక్కన చూస్తే 10,600 తక్కువ. ఆర్డర్ విలువ రెండు లక్షల చిల్లర కాబట్టి విలువ తనిఖీ ఊరుకుంది. కింది ధర 78.50 కాబట్టి బ్యాండ్ కూడా ఊరుకుంది. షేర్లు ఖాతాలో ఉన్నాయి కాబట్టి నిల్వ తనిఖీ కూడా దాటేసింది.

ఇదే ఆర్డర్‌ను బ్రోకర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజీకి పంపకముందే చివరి ధరకు 3 శాతం దగ్గర గిరి గీసి ఉంటే ఏమయ్యేది? దీన్నే ప్రైస్ కాలర్ అంటారు. మార్కెట్ ఆర్డర్‌కు తనంటూ ధర ఉండదు కాబట్టి, దాన్ని 83.42 పైనున్న మొదటి టిక్ దగ్గర, అంతకంటే తక్కువకు అమ్మని లిమిట్ ఆర్డర్‌గా మార్చి పంపాలి. అప్పుడు పైనున్న మూడు వరుసల్లోని వెయ్యి షేర్లే అమ్ముడవుతాయి. మిగతా 1,400 అలాగే నిలిచి ఉంటాయి, తప్పు కనబడగానే రద్దు చేసుకోవచ్చు. నష్టం 10,600 నుంచి 1,100కి దిగుతుంది. సంఖ్యను కూడా ఆ మదుపరి మామూలుగా అమ్మే లెక్కతో పోల్చి ఉంటే ఆ వెయ్యి కూడా పోయేవి కావు. అందుకే ధర తనిఖీ ఒక్కటే సరిపోదు. తప్పు సంఖ్యలో ఉన్నప్పుడు అది నష్టాన్ని తగ్గిస్తుంది తప్ప తప్పును పట్టుకోలేదు.

కాలర్ పెట్టామని చెప్పే సంస్థల్లోనూ అది తప్పుగా పెట్టి ఉండటం మామూలే. ముఖ్యంగా రెండు చోట్ల పొరపాటు చేస్తారు. మొదటిది, రెండు వైపులా గిరి గీయడం. 86 రూపాయల షేరును 70కి కొంటానని పెట్టిన ఆర్డర్ ఎవరికీ హాని చెయ్యదు, వరుసలో కూర్చుంటుంది, అంతే. కొనుగోలుకు పైవైపు, అమ్మకానికి కిందివైపు చూస్తే చాలు. రెండు వైపులా చూస్తే రోజూ వందల అనవసర హెచ్చరికలు వస్తాయి, జనం చదవకుండానే ‘ఓకే’ నొక్కడం నేర్చుకుంటారు. రెండోది, దేనితో పోల్చాలన్నది. పొద్దున్నుంచి ఒక్క లావాదేవీ కూడా జరగని షేరుకు ‘చివరి ధర’ అంటే నిన్నటిదే. ఈ రోజు బోనస్ షేర్ల సర్దుబాటు తేదీ అయితే, సర్దుబాటు చెయ్యని నిన్నటి ధర నేటి ధరకు రెట్టింపు ఉండొచ్చు. అప్పుడు సరైన అమ్మకాలన్నీ తిరస్కారానికి గురవుతాయి, తప్పుడు కొనుగోళ్లు దర్జాగా వెళ్లిపోతాయి. ఆ ఉదయం ఫోన్ల ధాటికి తట్టుకోలేక ఎవరో ఆ షేరుకు తనిఖీ ఆపేస్తారు, తిరిగి పెట్టడం మర్చిపోతారు. ఆప్షన్లలో శాతం లెక్క అసలు నిలవదు. రెండు రూపాయల ప్రీమియానికి 3 శాతం అంటే ఆరు పైసలు, కదలిక అయిదు పైసల చొప్పున ఉంటుంది. అక్కడ శాతమో, కొన్ని రూపాయల స్థిర తేడానో, ఏది ఎక్కువైతే దాన్ని తీసుకోవాలి.

ఇక విలువ పరిమితి గురించి. 2012లో వెళ్లింది ఒక్క ఆర్డర్ కాదు, 59. ఏ పెద్ద ఆర్డర్‌నైనా చిన్న ముక్కలు చేస్తే ఒక్కో ముక్క పరిమితి లోపలే ఉంటుంది. ఈ రోజుల్లో ఆ ముక్కలు చెయ్యడం మనిషి పని కూడా కాదు. ఆప్షన్లలో ఒక్క ఆర్డర్‌కు ఎక్స్ఛేంజీ పెట్టిన గరిష్ఠ సంఖ్య, అంటే క్వాంటిటీ ఫ్రీజ్, దాటితే, కొన్ని యాప్‌లు ఆర్డర్‌ను తామే స్లైస్ చేసి పంపుతాయి. సౌకర్యమే, కాదనను. కానీ తనిఖీ ముక్కల మీద జరిగితే అది తనిఖీ కాదు. కొట్టిన మొత్తం అంకె మీద ఒకసారి, ఆ తర్వాత నిమిషంలో ఆ ఖాతా నుంచి వెళ్లిన ఆర్డర్లన్నీ కలిపి ఇంకోసారి చూడాలి. ఆర్డర్ పెట్టాక దాన్ని సవరించినప్పుడూ అదే తనిఖీ మళ్లీ నడవాలి. 20 షేర్లకు పెట్టి, 2,000కి మార్చే దారి తెరిచి ఉంటే ముందు వేసిన తాళం ఎందుకు?

ఇంత చెప్పాక, హెచ్చరిక కిటికీ ఉంది కదా అనేవాళ్లుంటారు. వాళ్లకు 2022 మే 2న సిటీ గ్రూప్ లండన్ డెస్క్‌లో జరిగింది గుర్తు చేస్తాను. 5.8 కోట్ల డాలర్ల షేర్ల బాస్కెట్ అమ్మబోయిన ట్రేడర్ ఆ మొత్తాన్ని విలువ గడిలో కాకుండా సంఖ్య గడిలో కొట్టాడు. పదేళ్ల తర్వాత, వేరే దేశంలో, అచ్చం ముంబయి తప్పే. 44,400 కోట్ల డాలర్ల బాస్కెట్ తయారైంది. తెర మీద 711 హెచ్చరికలు వచ్చాయి, అందులో కనిపించినవి మొదటి 18 వరుసలే. మిగతావి కిందికి జరిపి చూడకుండానే అన్నిటినీ ఒక్కసారిగా దాటేసే వీలు ఉంది, ట్రేడర్ దాటేశాడు. గట్టిగా ఆపే తనిఖీలు 25,500 కోట్ల డాలర్ల ఆర్డర్లను అడ్డుకున్నాయి. మిగిలిన 18,900 కోట్లు అల్గారిథమ్‌కు చేరాయి. ట్రేడర్ గమనించి రద్దు చేసేలోగా యూరప్ మార్కెట్లలో 140 కోట్ల డాలర్ల షేర్లు అమ్ముడయ్యాయి. బ్రిటన్ నియంత్రణ సంస్థలు రెండూ కలిసి 2024లో 6.16 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. వాటి ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి, బాస్కెట్ మొత్తాన్నే తిప్పికొట్టే గట్టి తనిఖీ లేకపోవడం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటే. ‘నిజంగానే పంపాలా?’ అని అడిగింది దాటిపోయింది. ‘పంపను’ అన్నది నిలబడింది.

గట్టిగా ఆపితే, పడుతున్న మార్కెట్లో మదుపరి బయటపడలేడని బ్రోకర్లు అంటారు. ఆ మాటలో నిజముంది. అందుకే ఉన్న పొజిషన్‌ను మూసే ఆర్డర్లకు ధర గిరిని వెడల్పు చెయ్యవచ్చు. సంఖ్య మాత్రం పొజిషన్‌ను మించకూడదు. వంద లాట్లు మూయబోయి వెయ్యి కొడితే అది మూయడం కాదు, తొమ్మిది వందల లాట్ల కొత్త పందెం.

సెబీ, ఎక్స్ఛేంజీలు ఈ మూడు పనులు చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ప్రతి రిటైల్ ఖాతాకూ ఒక్క ఆర్డర్‌కు గరిష్ఠ విలువ ఎంతో మదుపరే పెట్టుకునేలా యాప్‌లో వీలుండాలి. ఖాతా తెరిచిన రోజు అది తక్కువలోనే ఉండాలి. తగ్గిస్తే వెంటనే, పెంచితే మరుసటి ట్రేడింగ్ రోజు నుంచి అమలు కావాలి, ఎందుకంటే ఆవేశంలో పెంచిన పరిమితి పరిమితి కాదు. విలువా సంఖ్యా రెండూ అడిగే ప్రతి తెర మీదా, పంపే మీట పక్కనే, మొత్తం రూపాయలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ కనబడాలి. 980 కోట్లు అని తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి ఉంటే 17 లక్షలు అనుకుని నొక్కేవాళ్లు తక్కువ. ఇక ప్రతి బ్రోకర్ తాను పెట్టుకున్న కాలర్ శాతం, సంచిత ఆర్డర్ల హద్దు, ఆ ఏడాది ఎన్నిసార్లు ఎవరి అనుమతితో వాటిని పక్కన పెట్టారన్నది తన వెబ్‌సైట్‌లో ప్రకటించాలి. బ్రోకరేజీ ఎంతో పైసలతో సహా చెప్పే సంస్థలకు ఇది కష్టమైన పనేమీ కాదు.

ఇట్లు,
బ్రోకింగ్ రిస్క్ విభాగంలో పనిచేసే ఒక పాఠకుడు,
హైదరాబాద్