నా చెప్పులు తిప్పి పెట్టిన నర్సమ్మకు

నిన్న రాత్రే ఇంటికి వచ్చాను. రెండు వాక్యాలు రాసి కళ్లు మూసుకుంటున్నాను. అయినా ఇది ఇవాళే రాయాలి.

రెండేళ్ల కిందట నాకు ఫిషర్ వచ్చింది, అంటే మలద్వారం దగ్గర చీలిక. విరేచనానికి వెళ్తే గాజుపెంకుతో కోసినట్టు నొప్పి, తర్వాత గంటసేపు మంట. వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని రోజుకు మూడుసార్లు పావుగంట చొప్పున కూర్చునేదాన్ని. బిగుసుకున్న కండరం సడలి ప్రాణం కుదుటపడేది. పడుకునే ముందు చెంచాడు త్రిఫల చూర్ణం వేసుకుంటే మలం మెత్తబడింది. నెలన్నరలో చీలిక మానింది.

అందుకే ఈ వేసవిలో విరేచనంలో మళ్లీ రక్తం కనబడితే దిగులు పడకుండా అటక మీది టబ్బు దింపాను. ఈసారి నొప్పి లేదు. అది మంచి లక్షణమే అనుకున్నాను! నాలుగు నెలలు అలాగే నెట్టుకొచ్చాను. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, యాభై దాటాయి కదా అని సరిపెట్టుకున్నాను.

ఆసుపత్రి కౌంటరులో అంతమంది ముందు "ఏమిటి బాధ?" అని గట్టిగా అడిగారు. నోరు పెగల్లేదు. "నడుము నొప్పి" అన్నాను. అక్కడే ఉన్న ఒక నర్సు నా చేతిగోళ్లు తెల్లగా పాలిపోయి ఉండటం చూసి, చేయి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్లింది. రక్తం మలం మీద చారలా ఉందా, కలిసిపోయి ఉందా? ఎర్రగా ఉందా, ముదురుగానా? కలిసిపోయి, ముదురుగా ఉందన్నాను. టబ్బు, త్రిఫల సంగతీ చెప్పాను. "టబ్బు స్నానం నొప్పికి, త్రిఫల మలబద్ధకానికి. ఈ రక్తం ఎక్కడి నుంచి వస్తోందో ఆ రెండూ చెప్పలేవమ్మా" అంది. డాక్టరు పరీక్ష చేస్తున్నంతసేపూ నా కాళ్ల మీద దుప్పటి జారకుండా పట్టుకుంది. బల్ల దిగబోతే, నా చెప్పులు కాళ్లు పెట్టడానికి వీలుగా ఇటు తిప్పి ఉన్నాయి. పరీక్షకు రాని ఏడుపు వాటిని చూస్తే వచ్చింది. ఆమె పేరు కూడా అడగలేదు.

హిమోగ్లోబిన్ 7.6కు పడిపోయింది. గొట్టం కెమెరాతో పేగు లోపల చూసే కొలనోస్కోపీలో, పెద్దపేగు ఎడమవైపు పాలిప్ అనే కండ పెరిగి కనబడితే అప్పుడే తీసేశారు. క్యాన్సర్ కాదని నిన్న రిపోర్టు వచ్చింది. ఐరన్ మాత్రలతో మలం నల్లబడుతుంది, హడలిపోవద్దని ముందే చెప్పిందీ ఆ నర్సమ్మే. ఐరన్ వల్ల మలం గట్టిపడితే త్రిఫల వేసుకోవచ్చని డాక్టరుగారు అన్నారు. పాపం, దాని పని దానికి మళ్లీ దొరికింది.

కోపం కూడా ఉంది. అంతకుముందు రెండు చోట్ల ఫీజు తీసుకుని, పడుకోబెట్టి చూడకుండానే మొలల మందు రాశారు. వేలితో చేసే పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఇలాంటి బాధను నలుగురిలో అరిచి చెప్పమంటే ఏ ఆడది చెబుతుంది?

కృతజ్ఞతలు చెప్పుకోవడానికి మా వారు, పిల్లలు, వదిన ఉండనే ఉన్నారు.

అయ్యో, మరిచిపోయాను: గతుకుల్లో ఆటో మెల్లగా నడిపిన అబ్బాయికి, ల్యాబులో కుర్చీ ఇచ్చిన పెద్దాయనకు కృతజ్ఞతలు. ఇంకా, కొలనోస్కోపీ ముందు రోజు పేగు శుభ్రపడే మందు తాగి నేను పదిసార్లు లేస్తున్న రాత్రి, సరిగ్గా అప్పుడే మా కుళాయి ఆగిపోతే, తమ ట్యాంకు నుంచి మా స్నానాలగది దాకా గొట్టం వేసిన పక్కింటి పిన్నిగారికి కూడా.