డబ్బు దాస్తాం, జత దాచం

“నెలనెలా డబ్బు కట్టించుకుంటారు కదా, మరి ఆ బూట్ల జతని మా పేరు రాసి పక్కన పెట్టరెందుకు?”

పిల్లల పాదం మన కోసం ఆగదు కాబట్టి. మొన్న దసరా ముందు మా సికింద్రాబాద్ షాపులో మొదటిసారి స్టడ్స్, అంటే కింద గుబ్బలుండే ఫుట్‌బాల్ బూట్లు, కొనుక్కున్న ఒక పిల్లాడి సంగతి చెబుతాను, అందులోనే మొత్తం ఉంది. వాళ్లమ్మని అడిగే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

పదమూడేళ్లవాడు, గవర్నమెంటు బడి. ఏప్రిల్‌లో పరీక్షలైపోయాక జట్టులోని ఇంకో ముగ్గురితో వచ్చాడు. అప్పటిదాకా బడికి వేసుకెళ్లే కాన్వాస్ బూట్లతోనే ఆడేవాడట. కుడి బూటు బొటనవేలి దగ్గర గుడ్డ చిరిగిపోయి, లోపలి నుంచి సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఉంది. వచ్చినవాళ్లంతా వాలీబాల్ నెట్లు, క్యారమ్ బోర్డులు చూస్తూ తిరుగుతుంటే, వీడు మాత్రం అద్దాల షెల్ఫులో ఉన్న చిలకపచ్చ జత ముందు నిలబడిపోయాడు. ధర 1,499 రూపాయలు. వాడి జేబులో ఉన్నది 120.

మా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటుందని మీలో చాలామందికి తెలుసు. పేరు, పాదం కొలత, ఎప్పుడెంత కట్టారో రాస్తాం. పదిరూపాయలైనా తీసుకుంటాం. మనసు మారితే కట్టినదంతా తిరిగి ఇచ్చేస్తాం. ఆ 120తో వాడికీ ఒక పేజీ తెరిచాను. పాదం కొలిస్తే 22.8 సెంటీమీటర్లు, యూకే 4 సైజు సరిగ్గా పట్టింది. “మరి ఇది దాచిపెడతరు కదా అంకుల్?” అన్నాడు. దాచనన్నాను. ముఖం మాడ్చుకుని వెళ్లాడు.

వాళ్లమ్మ పూలమ్ముతుంది. ఎండాకాలం సెలవుల్లో, తర్వాత శ్రావణమాసం శుక్రవారాల్లో వీడు కూర్చుని దండలు కట్టేవాడు. మూర ఇంత అని అమ్మ లెక్కకట్టి ఇచ్చేది. వచ్చినప్పుడల్లా ముప్పై, యాభై చొప్పున నా ముందు పెట్టి, నేను రాసిన అంకె సరిగ్గా ఉందో లేదో తొంగిచూసేవాడు. డబ్బు ఇచ్చాక షెల్ఫు దగ్గరికెళ్లి చిలకపచ్చ జత ఇంకా ఉందని చూసుకుంటేగానీ వెళ్లేవాడు కాదు. ఆగస్టులో అది అమ్ముడుపోయింది. “అమ్మేసిండ్రా అంకుల్?” అన్న గొంతు ఇప్పటికీ నాకు కొంచెం గుచ్చుకుంటుంది. కానీ దాచి ఉంటే ఏమయ్యేదో తర్వాత మీరే చూడండి.

ఈలోగా ఇంకో సంగతి. వాళ్ల తాతకి ఈ బూట్ల ఖర్చు బొత్తిగా నచ్చలేదు. “మా కాలంల బరిగాళ్లతోనే ఆడినం, ఒలింపిక్సుకే పోయిండ్రు” అని ఒకరోజు మనవడితో పాటు వచ్చి నా ముందే అన్నాడు. నిజమే, పోయారు. 1952లో హెల్సింకీలో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది, చాలామంది వట్టికాళ్లతోనే ఆడారు. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్లకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టే నాలుగో స్థానంలో నిలిచింది, కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. బూట్ల వల్లే గెలిచారని నేననను. రహీమ్ సాబ్ పేరు వినగానే తాత మెత్తబడి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఇక బేరాలేమీ జరగలేదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు చెప్పుల మీద, బూట్ల మీద జీఎస్టీ 5 శాతమైంది. అంతకుముందు వెయ్యి దాటితే 18 ఉండేది. 1,499 లోంచి పాత పన్ను తీసేస్తే అసలు ధర 1,270. దాని మీద 5 శాతం వేస్తే 1,334. అంటే జతకి 165 రూపాయలు తగ్గింది. పెట్టె మీద పాత ధరే ఉన్నా బిల్లు కొత్త ధరకే కొడుతున్నాం. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, షాపులో ఉన్న సరుకంతా మేం 18 శాతం కట్టి తెచ్చుకున్నదే. ఆ పన్ను జీఎస్టీ ఖాతాలో మా పేరు మీదే ఉంటుంది, ఎక్కడికీ పోదు. కానీ చేతికి నగదుగా రాదు, ముందు ముందు కట్టాల్సిన పన్నులో కొంచెం కొంచెంగా తెగాలి. అందుకే ఈ నెల కొత్త సరుకు తక్కువ తెచ్చాం. కొన్ని సైజులు లేవంటే కారణం అదే.

బతుకమ్మ రోజుల్లో పూలకి గిరాకీ సంగతి చెప్పనక్కర్లేదు. బంతి, చామంతి, తంగేడు కుప్పల మధ్య తల్లీకొడుకులు తెల్లవారకముందే కూర్చునేవారట. సద్దుల బతుకమ్మ ఇంకో రెండు రోజులుందనగా ఇద్దరూ వచ్చారు. వాడి వేళ్లు పసుపు పసుపుగా ఉన్నాయి. నోట్‌బుక్‌లో ఉన్నదీ, ఆ రోజు తెచ్చినదీ కలిపితే 1,510 రూపాయలు.

నేను ముందు మళ్లీ కొలుస్తానన్నాను. గోడ వారగా నేల మీద తెల్లకాగితం పరిచి, మడమ గోడకి ఆనించి, రెండు కాళ్ల మీదా బరువు వేసి నిలబడమన్నాను. కూర్చుంటే పాదం పొట్టిగా తేలుతుంది. అన్నిటికన్నా పొడుగు వేలు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత గీసి స్కేలు పెట్టాం. రెండు పాదాలూ కొలవాలి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. సాయంత్రమైతే ఇంకా మంచిది, రోజంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. వాడి ఎడమ పాదం 23.4 వచ్చింది.

అంటే అయిదున్నర నెలల్లో ఆరు మిల్లీమీటర్లు. ఒక యూకే సైజుకీ తర్వాతి సైజుకీ మధ్య తేడా అంగుళంలో మూడో వంతు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు మాత్రమే. వేలి ముందు ఏప్రిల్‌లో ఉన్న ఖాళీ దాదాపు మొత్తం వీడు తినేశాడు. నమ్మకం కుదరడానికి అదే మోడల్ 4 సైజు నీలం జత తొడిగించాను. పట్టింది గానీ, నాలుగడుగులు పరిగెత్తి ఆగమంటే వేళ్లు ముందుకి గుద్దుకున్నాయి. వాడు మాత్రం “మంచిగనే ఉన్నయి అంకుల్” అంటాడు! విప్పి చూస్తే బొటనవేలి కొస ఎర్రగా ఉంది. చిలకపచ్చ జత వాడి పేరుతో పెట్టెలో ఉండి ఉంటే, ఆ ఎర్రవేలుతోనే ఇంటికి తీసుకుపోయేవాడు. వద్దంటే వినేవాడు కాదు, నాకూ వద్దనే నోరు వచ్చేది కాదు.

ఇక్కడ వాళ్లమ్మ అందుకుంది. “గట్లయితే 6 సైజు ఇయ్యన్నా, రెండేండ్లు రావాలె.” ఈ మాట మీరందరూ అంటారు, తప్పేం కాదు. కానీ 6 సైజులో వాడి పాదం ముందుకీ వెనక్కీ జారుతుంది. పరుగు ఆపిన ప్రతిసారీ వేళ్లు వెళ్లి ముందు భాగాన్ని కొడతాయి, గోరు నల్లబడుతుంది. బూటుకీ దెబ్బే. ముందరి పాదం వంగే చోటే సోల్ కూడా వంగేలా తయారుచేస్తారు. సైజు పెద్దదైతే పాదం ఒకచోట, సోల్ ఇంకోచోట వంగుతాయి, ఆ మడతలోనే జిగురు ఊడిపోతుంది. రెండేళ్లు రావడం అటుంచి ఒక సీజన్ కూడా గడవదు. 5 సైజు తొడిగి ఫుట్‌బాల్ సాక్సుతో నడిపించాను. వేలి ముందు చేతి బొటనవేలి గోరు వెడల్పులో సగం కన్నా కొంచెం ఎక్కువ ఖాళీ, మడమ లేవడం లేదు. ఏడెనిమిది నెలలు వస్తాయని ఆమెకి ఉన్నమాట చెప్పాను. “గంతేనా!” అంది. గంతే.

తర్వాతి పేచీ గుబ్బల గురించి. వాడు టీవీలో చూసినట్టు పొడుగ్గా, బ్లేడ్ల మాదిరి ఉన్నవే కావాలన్నాడు. మీరు ఆడే గ్రౌండులో ఆట అయ్యాక స్టడ్స్ వేసుకున్నవాళ్ల అడుగుల్లో గుంతలు పడతాయా అని అడిగాను. కాసేపు ఆలోచించి, గీతలే పడతాయన్నాడు. అంటే గుబ్బలు మట్టిలో దిగడం లేదు. గడ్డి ఉన్న మెత్తటి నేలలో దిగే గుబ్బ మీద బరువు సోల్ మొత్తానికీ పరుచుకుంటుంది. మన ఎర్రమట్టి, గులకరాళ్ల నేల మీదైతే ఆ నాలుగు గుబ్బల మీదే నిలబడి పరిగెత్తినట్టు. ఈ వయసు పిల్లల్లో మడమ ఎముక వెనక భాగం ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు, ఆ దెబ్బంతా అక్కడే పడుతుంది. ఆట అయ్యాక కుంటుతున్నా, మడమని రెండు పక్కలా నొక్కితే అబ్బా అన్నా బూట్లు మార్చడంతో సరిపెట్టకండి, కొన్నాళ్లు ఆట ఆపి డాక్టర్‌కి చూపించండి.

చివరికి పొట్టి గుండ్రటి గుబ్బలు ఎక్కువగా ఉన్న మోడల్ తీసుకున్నాడు. అదీ 1,334కే. రంగు నలుపు. చిలకపచ్చ కాదని కాసేపు మూతి ముడిచాడు గానీ, మిగిలిన 176 చేతిలో పెట్టగానే షిన్‌గార్డుల వైపు తిరిగాడు. అవి లేకుండా రిఫరీ మైదానంలోకి రానివ్వడు మరి. 150 రూపాయల జత ఒకటి దొరికింది. మిగిలిన 26 అమ్మకిచ్చేశాడు. ఆమె వాటిని నా బల్ల మీద పెట్టి, నోట్‌బుక్‌లో కొత్త పేజీ తెరవమంది. ఏడెనిమిది నెలలన్నాను కదా, లెక్క ఆమెకి వెంటనే అందింది.

పోయిన వారం వాడు జట్టుతో మళ్లీ వచ్చాడు. మ్యాచ్‌కి ముందు నాలుగు రోజులు ఇంట్లో అరగంట చొప్పున వేసుకు తిరగమన్నాను, తిరిగాడట, బొబ్బలు లేవు. అయితే మొదటి వానకి తడిస్తే డాబా మీద ఎండలో పెట్టాడు. అది చేయకండి. ఎండకి జిగురు పెళుసెక్కి సోల్ విడిపోతుంది. మట్టి దులిపి, లోపల పేపరు కుక్కి, నీడలో గాలికి పెట్టండి.

నోట్‌బుక్‌లో పేజీలున్నవాళ్లకి ఒక మాట. సెప్టెంబర్ 22కి ముందు పాత ధర చూసి మొదలుపెట్టినవాళ్లందరికీ చివరి వాయిదా తగ్గుతుంది, ఎంతో వచ్చి చూసుకోండి. ఇప్పటికే ఎక్కువ కట్టేసి ఉంటే నగదు ఇచ్చేస్తాం. 5, 6 సైజులు ఈ నెలాఖరుకి వస్తాయి, 3 సైజు మాత్రం రెండే జతలున్నాయి. పిల్లలని వెంటబెట్టుకుని సాయంత్రం అయిదు దాటాక రండి, సాక్సులు మర్చిపోకండి.