బావగార్ల సంధి వార్త

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు వ్రాస్తున్నందుకు క్షమించు. అర్ధ సంవత్సరపు ముగింపు పనులు, ఆ వెంటనే తనిఖీ రావడంతో కలం పట్టే తీరిక దొరకలేదు. ఇంట్లో అందరమూ క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది, చిన్నవాడు ఇంటర్మీడియట్‌లో చేరాడు, వానలు బాగానే పడ్డాయి. ఆ గొడుగు సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నువ్వు కూడా నోరు జారకు. ఇక అసలు వార్త: మన బ్యాంకు ఆఫీసరు ఎర్రసిరా గారూ, క్యాషియరు లెక్కల స్వామీ మళ్ళీ మాట్లాడుకుంటున్నారు!

నువ్వు బదిలీ అయి వెళ్ళేనాటికి వారి మౌనం మొదలైందని నీకు తెలుసు కాని, కారణం తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే ఆ సాయంత్రం పక్క కౌంటరులో నేనే ఉన్నాను. కొత్తగా వచ్చిన మేనేజరు గారు క్యాషు మూసే వేళకు వచ్చి నిలబడ్డారు. బంగారు రుణం తాలూకు ఖాతాదారులు ఇద్దరు ముగ్గురు ఇంకా వెళ్ళలేదు. స్వామి ఎప్పటిలాగే అయిదు వందల రూపాయల ప్యాకెట్లు వరుసగా పేర్చి, చిట్టా చదవబోతుండగా, ఎర్రసిరా గారు ఒక ప్యాకెట్ తీసి, స్వామి ముద్ర, పొట్టి సంతకం, తేదీ ఉన్న కాగితం పట్టీని తెంపి, నోట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. సరిగ్గా నూరు ఉన్నాయి. అప్పుడు తన చేతితో కొత్త పట్టీ కట్టి, దానిమీద తన సంతకం చేసి, ప్యాకెట్‌ను తిరిగి వరుసలో పెట్టారు. అంతే, ఒక్క మాట కూడా అనలేదు. ఒక నోటు తక్కువ వచ్చి ఉంటే స్వామికి అంత బాధ కలిగేది కాదేమోనని నాకు అనిపిస్తుంది.

నిజానికి నియమం ప్రకారం ఎర్రసిరా గారిది తప్పు కాదు. పెద్ద నోట్ల కట్టలను ఇద్దరు తాళందారులూ చూసుకోవాలి. మాట మీద సంతకం పెట్టడమే తప్పు. అయితే నోట్ల కట్టలకు పిన్నులు కొట్టే రోజులలో ఉద్యోగంలో చేరిన మనిషి, 2016 నవంబరులో రద్దయిన నోట్ల గుట్టల మధ్య అర్ధరాత్రి దాకా ఎర్రసిరా గారి పక్కనే కూర్చున్న మనిషి, అన్నేళ్ళుగా లేని తనిఖీ కొత్త అధికారి ఎదుట, ఖాతాదారులు చూస్తుండగా, ఆ ఒక్క పూటే ఎందుకు పుట్టుకొచ్చిందని అడిగితే ఏమి చెప్పగలం? మరునాటి నుంచి "బావగారూ" అన్న పిలుపు పోయి, నా ద్వారా "ఆఫీసరు గారికి చెప్పండి", "క్యాషియరు గారిని అడగండి" అన్న రాయబారాలు మొదలయ్యాయి. నా ఉద్యోగం ఏమిటో నాకే సందేహం వచ్చింది.

విడ్డూరమేమిటంటే వారికి విడిపోయే వీలు కూడా లేదు. స్ట్రాంగు రూము తలుపుకు రెండు తాళపు చెవులు. ఒకటి స్వామి దగ్గర, రెండవది ఎర్రసిరా గారి దగ్గర. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి తిప్పితే తప్ప ఆ తలుపు తెరుచుకోదు, ఒకరి చెవి ఇంకొకరికి ఇవ్వాలంటే రిజిస్టరులో వ్రాసి సంతకాలు పెట్టాలి. కనుక ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, సూరీడు తూర్పున పొడిచినంత ఖచ్చితంగా, వారు భుజాలు తగిలేలా నిలబడేవారు. స్వామి తన చెవి తిప్పి దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే ఎర్రసిరా గారు తనది తిప్పేవారు. పూర్వం స్వామి నోట్ల లెక్క పైకి చదివితే ఆయన రిజిస్టరులో వ్రాసుకునేవారు; ఇప్పుడు ఒక చీటీ బల్లమీద పడేది.

ఆ చదవడం పోవడం వల్లనే గండం వచ్చిందని నా నమ్మకం. కౌంటరు పరిమితి దాటిన చెల్లింపులను ఆఫీసరు పాస్ చేయాలి కదా. పూర్వం స్వామి వోచరు పంపుతూనే "బావగారూ, ఇంత" అని కేక వేసేవాడు. ఆ కేకా, తెరమీది అంకే సరిపోతేనే ఎర్రసిరా గారు మీట నొక్కేవారు. మౌనవ్రతంలో ఆ కేక కూడా కొట్టుకుపోయింది.

మొన్న ఒక సాయంత్రం క్యాషు 18,000 రూపాయలు తక్కువ వచ్చింది. స్వామి ముఖం పాలిపోయింది, ఎందుకంటే లోటు తేలకపోతే ఆ సొమ్ము ఆయన జేబులో నుంచే పోవాలి. ప్యాకెట్లన్నీ మళ్ళీ లెక్కపెట్టాడు, సొరుగులు దులిపాడు. తరువాత పాతకాలపు ఉపాయం పట్టాడు. తేడాలో సగం తొమ్మిది వేలు; తొమ్మిది వేల చెల్లింపును పొరపాటున జమగా నమోదు చేస్తే లోటు రెండింతలై 18,000 కనబడుతుంది. ఆ మొత్తానికి వోచరే లేదు. రాత్రి ఎనిమిది దాటింది, మేనేజరు గారు గడియారం చూసుకుంటున్నారు. అప్పుడు తన బల్ల దగ్గర నుంచి ఎర్రసిరా గారు, ఎవరినీ చూడకుండా, "తొమ్మిది" అన్నారు.

ఆ ఒక్క మాటకు స్వామి చేయి ఆగిపోయింది. తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలని మనకు శిక్షణలో చెప్పారు, గుర్తుందా? పద్దెనిమిది వేలను తొమ్మిదితో భాగిస్తే రెండు వేలు, అంటే వేల స్థానంలోనూ పదివేల స్థానంలోనూ ఉన్న అంకెలకు తేడా రెండు. అప్పుడు వందల వోచర్లు వెతకనక్కరలేదు. 13, 24, 35, 46 లాంటి జంటలను, వాటి తిరగేసిన రూపాలను చూస్తే చాలు. స్వామి పైనుంచి, ఎర్రసిరా గారు క్రిందనుంచి వోచర్లు తిరగేశారు. దొరికింది: చీటీ మీద 53,000, చెల్లించినది 53,000, కంప్యూటరులో నమోదయినది 35,000. కొట్టినది స్వామి, పాస్ చేసినది ఎర్రసిరా గారు. ఇద్దరి పేర్లూ అక్కడే ఉన్నాయి. రోజు ముగింపు ఇంకా జరగలేదు కనుక నమోదును రద్దుచేసి సరిగా వ్రాశారు. ఖాతాదారుడికి ఫోను చేస్తే, తక్కువ మొత్తం సందేశం వచ్చినప్పుడు తనకు సంతోషమే అయిందని చెప్పి నవ్వాడు.

అక్కడితో కౌగిలించుకున్నారని అనుకుంటావేమో, అదేమీ లేదు. మరునాడు ఉదయం మళ్ళీ దగ్గే వినిపించింది. అయితే వోచరు పంపేటప్పుడు స్వామి అంకె పైకి చెప్పాడు; పిలుపు లేకుండా ఉత్త అంకె మాత్రమే. కొన్నాళ్ళకు ఎర్రసిరా గారు నా చేత కాకుండా తామే టీ పంపించారు, స్వామి త్రాగలేదు. త్రాగని టీ చల్లారి బల్లమీద అలాగే ఉండిపోయింది, ఆయన ఏమీ అనలేదు, మరునాడు మళ్ళీ పంపారు. పోయిన వారం మూసే వేళకు స్వామి ఒక ప్యాకెట్ తానే ముందుకు జరిపి, "పట్టీ తెంపి లెక్కపెట్టండి, బావగారూ" అన్నాడు. అందులో దెప్పుడు కూడా ఉంది సుమా, నేను విన్నాను. ఎర్రసిరా గారు తెంపి, లెక్కపెట్టి, నూరని చెప్పి, కొత్త పట్టీని కట్టమని స్వామికే ఇచ్చారు. సంతకం స్వామిదే. ఇప్పుడు ప్రతి సాయంత్రం ఒక ప్యాకెట్‌ను అలాగే తెంపుతున్నారు.

మధ్యాహ్న భోజనంలో గోంగూర పచ్చడి ఇంకా ఇటూ అటూ మారలేదు. అది మారిన రోజున నీకు ఫోను చేస్తాను. నా అంచనా ఏమిటంటే స్వామి దసరా దాకా... అదిగో, మేనేజరు గారు పిలుస్తున్నారు, ఆరు గంటల టపాలో వేయకపోతే ఇది కూడా సొరుగులోనే ఉండిపోతుంది. వదిన గారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ
గొడుగు మిత్రుడు